గదిలో పరిచిన జంపఖానాను మార్చాక, అదే ఫొటోలో మళ్లీ మళ్లీ మార్చగలిగేలా ఫైలు కట్టడం ఎలా?

హనుమకొండ_స్టూడియో:

అందరికీ నమస్కారం. కొత్తవాడ జంపఖానాలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక వ్యాపారి కోసం నేను ఫొటోషాప్‌లో ఒక డ్రాయింగ్ రూమ్ ఫొటోకు మార్పు చేసి ఇచ్చాను. అసలు ఫొటోలో నేల మీద ఎరుపు, నలుపు పట్టీలు ఉన్న నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు జంపఖానా ఉంది. దాని స్థానంలో ముదురు నీలం జంపఖానాను పెట్టమన్నారు. పెట్టాను, వారికి నచ్చింది, డబ్బు కూడా ఇచ్చారు. ఇరవై రోజుల తరువాత ఫోన్ చేసి, అదే గదిలో మరో ఐదు డిజైన్లు కావాలనీ, వాటిలో ఒకటి మూడడుగులు, ఐదడుగుల చిన్న సైజుదనీ చెప్పారు. నేను మొదటిసారి బ్యాక్‌గ్రౌండ్ మీదే పాతదాన్ని చెరిపి, కొత్తదాన్ని అతికించి, చివరికి Ctrl+E కొట్టి అన్నీ కలిపేశాను. కాబట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

రెండోసారి జాగ్రత్తపడి జంపఖానాను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టాను. దాని మీద సోఫా నీడ కోసం ఒక లేయర్, రంగు కోసం రెండు అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వేశాను. నీలం డిజైన్‌తో అంతా బాగానే ఉంది. కానీ గోధుమరంగు, తెలుపు కలిసిన లేత డిజైన్‌ను Replace Contents ద్వారా పెట్టగానే, దాని మీద ఎక్కడి నుంచో మసక మసకగా అడ్డ పట్టీలు కనిపిస్తున్నాయి. ఆ డిజైన్‌లో అడ్డ పట్టీలే లేవు. ఇది ఎక్కడి తప్పు? ఇకమీదట ఖాతాదారుడు ఎప్పుడు వచ్చినా జంపఖానా ఒక్కటే మారి, మిగతా పని చెక్కుచెదరకుండా ఉండాలంటే లేయర్లను ఏ వరుసలో కట్టుకోవాలి?

కరీంనగర్_ఫ్లెక్స్:

అన్నా, దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు. ముందుగా బ్యాక్‌గ్రౌండ్‌కు ఒక కాపీ తీసి దాచుకోండి. తరువాత కనిపించిన ప్రతి లేయర్‌నూ స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చేయండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయ్యాక ఎంత పెద్దది చేసినా క్వాలిటీ పోదు. ఆరు డిజైన్లు కావాలంటే జంపఖానా లేయర్ మీద Ctrl+J ఐదుసార్లు కొట్టి, ఒక్కోదాన్ని తెరిచి డిజైన్ మార్చుకుంటూ పోండి. నేను ఫ్లెక్సీలకు ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను. మీ పట్టీల సమస్య బహుశా జేపెగ్ నాణ్యత తక్కువ కావడం వల్ల వచ్చి ఉంటుంది.

ఓరుగల్లు_రీటచ్:

పట్టీలు జేపెగ్ వల్ల రాలేదని నా అనుమానం. హనుమకొండ తమ్ముడూ, ఒక చిన్న పరీక్ష చేయండి. జంపఖానా స్మార్ట్ ఆబ్జెక్ట్‌ను రెండుసార్లు నొక్కి తెరిచి, లోపల అన్నిటికంటే పైన ఒక కొత్త లేయర్ వేసి, దాన్ని పూర్తిగా తెల్లరంగుతో నింపి, Ctrl+S కొట్టి ప్రధాన ఫైలుకు తిరిగి రండి. ఇప్పుడు నేల మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు కనిపించాలి. ఆ తెలుపు మీద సోఫా నీడ, కిటికీ వెలుగు తప్ప మరేమీ ఉండకూడదు. పట్టీలు అక్కడ కూడా కనిపిస్తే, అవి జంపఖానా లోపలివి కావు, మీ పై లేయర్లలో ఏదో ఒకదానిలో దాక్కున్నవి. ఒక్కో లేయర్ పక్కన ఉన్న కన్ను గుర్తును ఆపుతూ వెళ్తే ఏ లేయర్‌తో పాటు పట్టీలు మాయమవుతాయో తెలిసిపోతుంది.

నా ఊహ ఏమిటంటే, మీరు నీడ లేయర్‌ను పాత జంపఖానా నుంచే తయారు చేసి ఉంటారు. పాతదాన్ని కత్తిరించి, రంగు తీసేసి, మల్టిప్లైలో పెట్టడం చాలామంది చేసే పని. అలా చేసినప్పుడు నీడతో పాటు పాత నలుపు పట్టీలు కూడా వచ్చేస్తాయి, ఎందుకంటే రంగు తీసేసిన తరువాత నీడ వల్ల వచ్చిన నలుపుకూ, నూలు నలుపుకూ తేడా ఫొటోషాప్‌కు తెలియదు. ముదురు నీలం మీద ఆ పట్టీలు కలిసిపోయి మీ కంటికి ఆనలేదు. లేత రంగు వచ్చేసరికి బయటపడ్డాయి.

హనుమకొండ_స్టూడియో:

అక్కా, మీరు చెప్పినట్టే తెలుపు నింపి చూశాను. ఎరుపు, నలుపు జంపఖానా పట్టీలు బూడిదరంగులో స్పష్టంగా కనిపించాయి. నీడ లేయర్ కన్ను ఆపగానే పోయాయి. నేను నీడను సరిగ్గా మీరు ఊహించినట్టే చేశాను. అయితే నీడ లేకపోతే జంపఖానా గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది కదా. మరి పాత ఫొటో నుంచి తీయకుండా నీడను ఎక్కడి నుంచి తేవాలి?

మహబూబాబాద్_ఆల్బమ్:

సందర్భం కలిసింది కాబట్టి అడుగుతున్నాను. నా దగ్గర ఒక పెళ్లి గ్రూప్ ఫొటోలో పెళ్లికొడుకు మేనమామ కళ్లు మూసుకున్నారు. పక్క ఫొటోలో కళ్లు తెరిచి ఉన్నారు. ఆ ముఖాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెడితే చర్మం రంగు దానంతట అదే కలుస్తుందా?

ఓరుగల్లు_రీటచ్:

మహబూబాబాద్ వారికి: కలవదు. స్మార్ట్ ఆబ్జెక్ట్ అనేది లోపలి చిత్రాన్ని భద్రంగా ఉంచే పెట్టె మాత్రమే, రంగు కలిపే పని దానిది కాదు. ఒకే వేదిక మీద, ఒకే వెలుగులో, వెంట వెంటనే తీసిన రెండు ఫొటోలైతే రంగు ఎలాగూ దగ్గరగానే ఉంటుంది, మాస్క్ అంచు మెత్తగా ఉంటే సరిపోతుంది. దానికి విడిగా చర్చ పెట్టండి, ఇక్కడ జంపఖానా చర్చ దారి తప్పేలా ఉంది.

హనుమకొండ తమ్ముడికి: నేను పాటించే నియమం ఒకటే. వస్తువుకు చెందినది స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపల ఉండాలి, గదికి చెందినది బయట ఉండాలి. జంపఖానా డిజైన్, దాని కుచ్చులు, ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీయడం వల్ల దానికి వచ్చిన పచ్చదనాన్ని సరిదిద్దే కలర్ బ్యాలెన్స్, ఇవన్నీ ఆ జంపఖానాతో వచ్చి దానితోనే పోవాలి, కాబట్టి అవి లోపల ఉండాలి. సోఫా నీడ, కిటికీ వెలుగు, టీపాయ్ కాళ్లు ముందు నుంచి అడ్డు రావడం, ఇవి గదివి. జంపఖానా ఏది వచ్చినా ఇవి మారవు, కాబట్టి ఇవి బయట ఉండాలి. మీ ఫైలులో గదికి చెందిన నీడ లేయర్‌లోకి పాత వస్తువుకు చెందిన పట్టీలు చొరబడ్డాయి, మొత్తం చిక్కు అక్కడే వచ్చింది.

నీడను కొలిచి వేయవచ్చు. ఫొటోలో జంపఖానా బయట, కిటికీ వెలుగు పడుతున్న టైల్ మీద ఒక చోట, అదే రంగు టైల్ సోఫా కింద నీడలో ఉన్న మరొక చోట, ఇన్ఫో ప్యానెల్‌లో విలువలు చూడండి. ఉదాహరణకు వెలుగులో 210, నీడలో 120 వచ్చాయనుకుందాం. అంటే నీడలో విలువ దాదాపు 0.57 వంతుకు పడిపోతోంది. 255లో అదే వంతు తీస్తే సుమారు 146 వస్తుంది. ఒక కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి, గీత కుడి చివరను 255 నుంచి 146కు దించి, ఎడమ చివరను సున్నా దగ్గరే ఉంచండి. గీత తిన్నగానే ఉండాలి, వంచవద్దు. ఆ లేయర్‌ను జంపఖానాకు క్లిప్ చేయండి, రెండు లేయర్ల మధ్య గీత మీద Alt పట్టుకుని నొక్కితే సరిపోతుంది. దాని మాస్క్‌ను నలుపుతో నింపి, సోఫా నీడ పడే చోట మాత్రమే మెత్తటి తెల్ల బ్రష్‌తో గీయండి. ఇప్పుడు నేల మీద నీడ ఎంత ముదురుగా ఉందో జంపఖానా మీద కూడా అంతే ఉంటుంది, ఏ డిజైన్ వచ్చినా అందులో పాతదాని ఆనవాలు ఉండదు. రేపు ఖాతాదారుడు నీడ కొంచెం తగ్గించమంటే కర్వ్స్ చివరను పైకి లేపడమే పని.

ఒక జాగ్రత్త ఉంది. మెరిసే విట్రిఫైడ్ టైల్ మీద కిటికీ ప్రతిబింబం పడిన చోట విలువ తీసుకోకండి, అది వెలుగు కాదు, అద్దంలో కనిపించే కిటికీ. అక్కడ కొలిస్తే నీడ మరీ నల్లగా వస్తుంది.

కాజీపేట_లెన్స్:

అక్క చెప్పిన కొలత పద్ధతి ఫొటో చేతికి వచ్చేసిన తరువాత పనికొస్తుంది. ఫొటో మనమే తీస్తే ఇంకా తేలిక దారి ఉంది. నేను ఫర్నిచర్ షోరూముల కోసం తీసేటప్పుడు ట్రైపాడ్ కదల్చకుండా, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో బిగించి, మూడు షాట్లు తీస్తాను. మొదటిది వస్తువుతో, రెండోది ఖాళీ నేలతో, మూడోది అదే చోట తెల్లటి దుప్పటి పరిచి. ఆ మూడో షాట్‌ను మల్టిప్లైలో పెడితే ఆ గది నీడ ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది, చేతితో గీయవలసిన పని ఉండదు. రెండో షాట్ వల్ల పాత వస్తువు కింద నేల ఎలా ఉందో కూడా దొరుకుతుంది.

ఓరుగల్లు_రీటచ్:

మంచి అలవాటు. నేనూ ఒప్పుకుంటాను, కానీ రెండు షరతులతో. దుప్పటి ముడతలు నీడలోకి వచ్చేస్తాయి, కాబట్టి ఇస్త్రీ చేసి గట్టిగా లాగి పరచాలి, లేదా ఆ షాట్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి గాషియన్ బ్లర్‌ను స్మార్ట్ ఫిల్టర్‌గా కొంచెం వేయాలి, అప్పుడు ఎంత మసక కావాలో తరువాత కూడా మార్చుకోవచ్చు. రెండోది, దుప్పటి వెలుగులో ఉన్న చోట పూర్తి తెలుపు కాకపోతే జంపఖానా అంతటా ఒక మురికి పొర పడుతుంది. లెవెల్స్ క్లిప్ చేసి, వెలుగు భాగాన్ని తెలుపుకు తేవాలి.

హనుమకొండ_స్టూడియో:

నా ఫొటో ఖాతాదారుడు ఇచ్చినదే, ఆ ఇంటికి మళ్లీ వెళ్లే వీలు లేదు. అందువల్ల కర్వ్స్ పద్ధతి చేశాను. నాకు వెలుగులో 198, నీడలో 124 వచ్చాయి, లెక్క ప్రకారం చివరను 160 దగ్గర పెట్టాను. తెలుపు పరీక్ష మళ్లీ చేస్తే ఇప్పుడు నిజంగా తెల్ల దుప్పటి పరిచినట్టే ఉంది. లేత డిజైన్ శుభ్రంగా కూర్చుంది.

కానీ మూడడుగులు, ఐదడుగుల చిన్న జంపఖానా పెట్టగానే కొత్త సమస్య వచ్చింది. చిన్నదాని చుట్టూ పాత ఎరుపు జంపఖానా అంచులు తొంగి చూస్తున్నాయి. మొదట్లో కొత్తది పాతదాన్ని పూర్తిగా కప్పేసింది కాబట్టి కింద నేలను నేను శుభ్రం చేయలేదు.

ఓరుగల్లు_రీటచ్:

ఇది చాలామంది వదిలేసే మెట్టు. కొత్త వస్తువు కప్పేస్తుంది కదా అని కింద పాతదాన్ని వదిలేస్తే, ఆ ఫైలు అదే సైజుకు కట్టుబడిపోతుంది. ఖాతాదారుడు తరువాత ఏమి అడుగుతాడో మనకు తెలియదు కాబట్టి, కింద ఖాళీ నేల పూర్తిగా సిద్ధంగా ఉండాలి.

అసలు ఫొటో లేయర్‌ను ముట్టుకోకండి, దానికి తాళం వేసి ఉంచండి. దాని పైన ఒక ఖాళీ లేయర్ వేసి ‘నేల’ అని పేరు పెట్టండి. క్లోన్ స్టాంప్ తీసుకుని, పైన ఆప్షన్ల పట్టీలో Sample దగ్గర Current & Below ఎంచుకోండి. అప్పుడు కింది ఫొటో నుంచి నేల తీసుకుని ఈ ఖాళీ లేయర్ మీద మాత్రమే పూస్తుంది. తప్పు జరిగితే ఆ లేయర్‌లో ఆ ముక్కను చెరిపేస్తే చాలు, అసలు ఫొటో అలాగే ఉంటుంది. ఇక్కడ All Layers ఎంచుకుంటే పైన ఉన్న జంపఖానా, కర్వ్స్ కూడా నమూనాలోకి వచ్చి నేల మీద రెండోసారి రంగు పడుతుంది, ఆ తప్పును తరువాత కనిపెట్టడం కష్టం. ఎక్కువ భాగం పూయాలంటే కంటెంట్ అవేర్ ఫిల్ వాడండి, కానీ అందులో Output To దగ్గర New Layer ఉందో లేదో చూసుకోండి. టైల్స్ గీతలను మాత్రం అది తరచుగా వంకర చేస్తుంది, వాటిని చేత్తో సరిదిద్దక తప్పదు.

పాత జంపఖానా వల్ల దాని చుట్టూ నేల మీద పడిన సన్నటి నీడను కూడా తీసేయండి. అది అలాగే ఉంటే చిన్న జంపఖానాకు దూరంగా, గాలిలో ఒక నీడ చట్రం మిగిలిపోతుంది.

కరీంనగర్_ఫ్లెక్స్:

మొన్న నేను చెప్పిన మాట గురించి ఒక విషయం ఒప్పుకోవాలి. నిన్న ఒక బ్యానర్‌లో నాలుగు ఫ్రేములకు Ctrl+J తోనే కాపీలు తీసి, ఒకదానిలో ఫొటో మార్చి సేవ్ చేస్తే నాలుగింటిలోనూ అదే ఫొటో వచ్చింది. ఇన్నేళ్లలో నాకు ఇది ఎందుకు కనబడలేదో ఇప్పుడు అర్థమైంది, నేను ఎప్పుడూ ఒకే లోగోను నాలుగు మూలల్లో పెట్టేవాడిని. అది నాకు లాభమే అయింది కాబట్టి తప్పు బయటపడలేదు.

అయినా అన్నిటినీ స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయాలన్న నా మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను.

ఓరుగల్లు_రీటచ్:

Ctrl+J తో తీసిన కాపీలన్నీ లోపల ఒకే చిత్రాన్ని పంచుకుంటాయి. విడివిడిగా మారాలంటే లేయర్ మీద కుడి బటన్ నొక్కి New Smart Object via Copy అనాలి.

అన్నిటినీ స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయడం మాత్రం నాకు నచ్చదు. ‘నేల’ లేయర్‌ను అలా చేస్తే దాని మీద నేరుగా క్లోన్ స్టాంప్ పని చేయదు, ప్రతిసారీ తెరవాలి, తెరిస్తే కింద ఫొటో కనిపించదు. విసుగెత్తి చివరికి రాస్టరైజ్ కొడతారు. అక్కడితో అన్నీ పోతాయి. ఇక క్వాలిటీ పోదన్న మాట సగమే నిజం. చిన్నది చేసి మళ్లీ పెద్దది చేసినప్పుడు పోదు, ఎందుకంటే అసలు పిక్సెళ్లు లోపల ఉన్నాయి. కానీ లోపల ఉన్నదాని కంటే పెద్దగా సాగదీస్తే ఏ లేయర్ అయినా మసకబారుతుంది.

హనుమకొండ_స్టూడియో:

నేల శుభ్రం చేయడానికి మూడు గంటలు పట్టింది, కానీ అయిపోయింది. ఇప్పుడు Replace Contents దగ్గర ఆగిపోయాను. నాలుగు డిజైన్లు చక్కగా అదే చోట కూర్చున్నాయి. ఐదోది మాత్రం పెట్టగానే సైజు మారి సోఫా కిందికి జరిగిపోయింది. దాని కొలతలు కూడా అవే పిక్సెళ్లు.

ఓరుగల్లు_రీటచ్:

రిజల్యూషన్ చూడండి. మిగతావి 300లో, ఇది 72లో ఉండి ఉంటుంది. పిక్సెళ్లు ఒకటే అయినా ఆ అంకె తేడాగా ఉంటే పెట్టినప్పుడు సైజు మారుతుంది. ఇమేజ్ సైజ్‌లో రీశాంపుల్ టిక్కు తీసేసి 300 చేయండి.

అసలు ఈ బాధ లేకుండా ఉండాలంటే మొదటి నుంచీ అన్ని డిజైన్లకూ ఒకే కాన్వాస్ పెట్టుకోవాలి. మీ గదిలో టైల్స్ రెండడుగులవని ఫొటో చూస్తే అనిపిస్తోంది. అదే అయితే నాలుగు, ఆరు అడుగుల జంపఖానాకు వెడల్పులో రెండు టైల్స్, పొడవులో మూడు టైల్స్. ఒక అడుగుకు 750 పిక్సెళ్లు అనుకోండి. చుట్టూ ఒక్కో అడుగు ఖాళీ వదిలి ఆరు, ఎనిమిది అడుగుల పారదర్శక కాన్వాస్ తీసుకుంటే 4500, 6000 పిక్సెళ్లు అవుతాయి, అంటే సరిగ్గా మూడు టైల్స్, నాలుగు టైల్స్. పర్‌స్పెక్టివ్ కోసం Ctrl+T లో నాలుగు మూలలను లాగేటప్పుడు వాటిని టైల్ కీళ్ల మీదనే కూర్చోబెట్టవచ్చు, కంటి అంచనాతో పని లేదు. లోపల పెద్ద జంపఖానా 3000, 4500 పిక్సెళ్లలో మధ్యన ఉంటుంది, చిన్నది 2250, 3750 పిక్సెళ్లలో మధ్యన ఉంటుంది. కాన్వాస్ మాత్రం ఎప్పుడూ మారదు, కాబట్టి ఏ సైజు పెట్టినా గదిలో దాని నిజమైన సైజులోనే కనిపిస్తుంది. మీ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు అయితే, కెమెరాకు దగ్గరి అంచు దగ్గర కూడా అడుగుకు 750 సరిపోతుందనుకుంటాను, ఒకసారి కొలిచి చూడండి.

టీపాయ్ కాళ్ల మాస్క్‌ను జంపఖానా లేయర్‌కు వేయకండి. జంపఖానాను, దాని మీది కర్వ్స్‌ను ఒక గ్రూప్‌లో పెట్టి, మాస్క్‌ను ఆ గ్రూప్‌కు వేయండి. లేయర్‌కే వేస్తే, జంపఖానాను కొంచెం జరిపిన ప్రతిసారీ టీపాయ్ కాళ్ల కోత కూడా దానితో జరుగుతుంది.

కొత్తవాడ_అమ్మకం:

నేను మీలాగా డిజైనర్‌ను కాను, జంపఖానాలు అమ్మే వైపు మనిషిని. మేము ఇలాంటి ఫొటోలే చేయించుకుంటాము. మీరంతా నీడ గురించి మాట్లాడుతున్నారు, కానీ మాకు వచ్చే ఫిర్యాదు వేరు. ఫొటోలో మెరూన్‌గా ఉన్న జంపఖానా ఇంటికి వచ్చేసరికి ఎరుపుగా ఉందని తిప్పి పంపుతారు. ఇంటర్‌లాక్ నేతలో ఎంచుకున్న రంగు నూలే ముఖ్యం, ఆ రంగు మారితే మాకు నష్టం. గదికి సరిపోయేలా మీరు మార్చే రంగును మేము మళ్లీ అసలు రంగుకు ఎలా తెచ్చుకోవాలి?

ఓరుగల్లు_రీటచ్:

మంచి ప్రశ్న, దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. గది వెచ్చదనం కోసం వేసే ఫొటో ఫిల్టర్ లేదా కలర్ బ్యాలెన్స్ విడి అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా, జంపఖానాకు క్లిప్ అయి ఉంటే, దాని ఒపాసిటీని 100 నుంచి 40కి తగ్గించి మీ ముందే చూపించవచ్చు, కన్ను ఆపితే నూలు రంగు అలాగే వస్తుంది. కానీ పసుపు వెలుగు ఉన్న గదిలో ఎరుపు నూలు నిజంగానే కొంచెం మారి కనిపిస్తుంది. పూర్తిగా అసలు రంగు పెడితే అతికించినట్టు ఉంటుంది, పూర్తిగా గది రంగు పెడితే మీకు తిరుగు టపా వస్తుంది. ఎంత దగ్గర ఆపాలన్నది అమ్మేవారే చెప్పాలి.

కాజీపేట_లెన్స్:

నేను అయితే గది ఫొటోతో పాటు తెల్లటి నేపథ్యంలో తీసిన క్లోజప్‌ను కూడా తప్పనిసరిగా పెట్టమంటాను. గది ఫొటోలో రంగు విషయంలో పోట్లాడి లాభం లేదు.

కొత్తవాడ_అమ్మకం:

క్లోజప్ ఎవరూ చూడరండీ. గది ఫొటో చూసే కొంటారు.

హనుమకొండ_స్టూడియో:

మొత్తం మళ్లీ కట్టాను. ఇప్పుడు అన్నిటికంటే కింద తాళం వేసిన అసలు ఫొటో, దాని మీద ‘నేల’, ఆపైన ‘జంపఖానా’ గ్రూప్, గ్రూప్‌కు టీపాయ్ కాళ్ల మాస్క్. గ్రూప్ లోపల స్మార్ట్ ఆబ్జెక్ట్, దానికి క్లిప్ అయిన నీడ కర్వ్స్, కిటికీ వెలుగు కర్వ్స్, గది రంగు ఫొటో ఫిల్టర్. అన్నిటికంటే పైన మొత్తం ఫొటోకు ఒక కర్వ్స్. ఆరో డిజైన్‌ను పెట్టి, జేపెగ్ తీసి పంపడానికి నాకు పన్నెండు నిమిషాలు పట్టింది. టైల్స్ విషయంలో అక్క అంచనా సరిపోయింది, దగ్గరి అంచులో అడుగుకు 690 పిక్సెళ్లే పడుతున్నాయి.

ఒక పొరపాటు మాత్రం జరిగింది. లోపలి ఫైలులో రంగు సరిచేసి Ctrl+S బదులు సేవ్ యాజ్ కొట్టి డెస్క్‌టాప్ మీద పెట్టాను, ప్రధాన ఫైలులో ఏమీ మారలేదు. అరగంట వెతికాను.

ఇంకా ఒక సందేహం మిగిలింది. జంపఖానా అంచు కింద నేల మీద పడే సన్నటి నీడ కోసం డ్రాప్ షాడో లేయర్ స్టైల్ వాడాను. సైజు మారినా అది దానంతట అదే సర్దుకుంటోంది, బాగుంది. కానీ కెమెరాకు దగ్గర అంచులోనూ, దూరపు అంచులోనూ అది ఒకే మందంలో ఉంది. దూరంగా ఉన్న చోట అది మరీ లావుగా కనిపిస్తోంది.

ఓరుగల్లు_రీటచ్:

లేయర్ స్టైల్‌కు పర్‌స్పెక్టివ్ తెలియదు. మీ కాన్వాస్‌లో చుట్టూ ఒక అడుగు ఖాళీ వదిలారు కాబట్టి, ఆ డ్రాప్ షాడోను బయట తీసేసి, స్మార్ట్ ఆబ్జెక్ట్ లోపల జంపఖానా లేయర్‌కే వేసి చూడండి. అప్పుడు నీడ కూడా జంపఖానాతో పాటు వంగి, దూరపు అంచులో సన్నబడుతుంది. అయితే వస్తువుకు చెందినది లోపల, గదికి చెందినది బయట అన్న నా నియమాన్ని ఇక్కడ నేనే తప్పుతున్నాను, ఎందుకంటే కిటికీ ఏ పక్కన ఉందో నీడ దిశ దాన్ని బట్టి ఉంటుంది. ఇదే జంపఖానా ఫైలును రేపు మరో గదిలో పెడితే నీడ తప్పు దిశలో పడుతుంది.

కాజీపేట_లెన్స్:

అందుకే నేను ఆ సన్న నీడను ‘నేల’ పైన ఒక విడి మల్టిప్లై లేయర్‌లో చేత్తోనే గీస్తాను. ప్రతి సైజుకూ ఒకటి, పెద్దదానికి ఒక లేయర్, చిన్నదానికి ఒక లేయర్.

హనుమకొండ_స్టూడియో:

ప్రస్తుతానికి లోపల వేశాను, ఒకే గది కాబట్టి పనైపోయింది. వ్యాపారి ఈ రోజు పొద్దున ఫోన్ చేసి, ఇదే ఆరు డిజైన్లు బెడ్‌రూమ్ ఫొటోలో కూడా కావాలన్నారు. అక్కడ కిటికీ కుడి పక్కన ఉంది.